తేవీస్

మహారాష్ట్ర హిమాయత్‌నగర్‌లో ఒక మరాఠీ బడికి డీఎడ్ విద్యార్థిని అభ్యాస పాఠాలు చెప్పడానికి వచ్చింది. రోజూ సాయంత్రం డైరీ రాయాలి. అందులో మూడు గడులు: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, రేపు ఏం మారుస్తాను. డైరీకి 50 మార్కులు. 25 రాకపోతే అభ్యాస పాఠాలన్నీ మళ్లీ మొదటికి.

తోటివాళ్లు మొదటి గడి నిండా రాసి, మిగతా రెంటినీ ఒక్కో మాటతో సరిపెట్టేవారు. ఆమె కూడా అలాగే మొదలుపెట్టింది. రెండో తరగతికి అంకెల డిక్టేషన్ ఇస్తే ఒక పిల్లవాడు చాలా తప్పులు రాశాడు. రెండో గడిలో ‘శ్రద్ధ లేదు’ అని రాసేసింది.

రాశాక వాడి నోటుబుక్కు మళ్లీ తీసింది. తేవీస్ అంటే 32 రాశాడు. బావన్న అంటే 25. బావీస్ అంటే 22, తీస్ అంటే 30: ఈ రెండూ సరిగ్గానే ఉన్నాయి. శ్రద్ధ లేనివాడికి వీటి దగ్గరే ఎక్కణ్ణుంచి వచ్చింది? ఏకోణ్‌తీస్ దగ్గర ఆగిపోయింది. 29కి బదులు 13 ఉంది. వాడికి ముందు ఒకటి వినబడింది, తర్వాత ముప్ఫై. విన్న వరసలోనే రాశాడు.

పిల్లవాడిది తెలుగిల్లు. మర్నాడు పక్కన కూచోబెట్టుకుని, “ఇరవై మూడు రాయి బిడ్డా” అంది. తడుముకోకుండా 23 రాశాడు. తెలుగులో పదులు ముందు పలుకుతాయి, మరాఠీలో ఒకట్లు.

‘శ్రద్ధ లేదు’ కొట్టేసి, చూసిందంతా రాసింది. మూడో గడిలో: ముందు ‘వీస్ తీన్’ అంటాను, వెంటనే ‘తేవీస్’ అంటాను. ఇది ఆమె కనిపెట్టిందేమీ కాదు. 2019లో బాలభారతి రెండో తరగతి లెక్కల పుస్తకంలోనే అలా పెట్టారు, మహారాష్ట్రలో పెద్ద గొడవే అయింది. వారానికి 23, 52 కుదురుకున్నాయి. 29 కుదరలేదు. అదీ రాసింది: ‘ఇది తిరగేస్తే సరిపోయే తప్పు కాదు. ముప్ఫైకి ఒకటి తక్కువ అని విడిగా చెప్పాలి.’

నెలాఖరున పర్యవేక్షకుడు డైరీలు దిద్దాడు. ఆమెది చదివి అడిగాడు.

“పిల్లవాడు తప్పు రాస్తే నేరం అంకెల పేర్లదా?”

“వాడు విన్నదే రాశాడు సార్.”

“సాకులు రాయడానికి కాదమ్మా ఈ గడి. అంకె చెవిన పడితే రాయడానికి భాషతో పనేంటి?”

డైరీ మూసి పక్కన పెట్టాడు. ఆమె పేరు, వెంటనే మార్కులు మరాఠీలో పైకి చెప్పాడు.

“తేవీస్.”

ఎదురుగా కూచున్న గుమాస్తా పట్టీలో వేసుకున్నాడు. భైంసా నుంచి కొత్తగా వచ్చినవాడు, పని చురుకు. అన్ని పేర్లూ అయ్యాక పర్యవేక్షకుడు కింద సంతకం పెట్టాడు.

మర్నాడు నోటీసు బోర్డు మీద ఆమె పేరు ఎదురుగా 32 ఉంది.