విత్తనం కేసు పద్ధతిగా ఓడిపోవడం ఎలా?

అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట వైపు మెట్ట మీద మొక్కజొన్న వేసే రైతులకు ఈ సలహాలు. విత్తనం మొలవకపోతే వినియోగదారుల కమిషన్‌కెక్కి పరిహారం తెచ్చుకున్న రైతులు మన రాష్ట్రంలో ఉన్నారు. ఆ గొడవ మీకెందుకు? డబ్బొచ్చిందని తెలిస్తే చుట్టాలు అప్పడుగుతారు. ఓడిపోతే ఎవరూ అడగరు. కాబట్టి ఓటమికి కొనేనాడే పునాది వేసుకోవాలి.

సంతలో గోనెసంచి మూతి విప్పి డబ్బాతో కొలిచి అమ్మేవాడి దగ్గరే కొనండి. ప్యాకెట్టే కావాలనుకుంటే కొనుక్కోండి గాని, బిల్లు మాత్రం అడగకండి. బిల్లు రాస్తే పన్ను పడుతుందని కొట్టువాడంటాడు. నమ్మెయ్యండి. విత్తనాలకు జీఎస్టీయే లేదన్న సంగతి అతనికి గుర్తుచేస్తే బాగుండదు. 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం డీలరు రసీదు ఇచ్చి తీరాలనీ, 2019 వినియోగదారుల చట్టం బిల్లు ఇవ్వకపోవడాన్నే తప్పుడు వ్యాపార పద్ధతిగా లెక్కేసిందనీ అసలే అనకండి. పెద్దమనుషుల మధ్య కాగితాలేమిటి!

విత్తిన సాయంత్రం ఖాళీ ప్యాకెట్లతో పొయ్యి రాజెయ్యండి. వాటి మీద లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ, నూటికి ఎన్ని మొలుస్తాయన్న అంకె ఉంటాయి. అవి మిగిలితే కేసు బలపడిపోతుంది. అడుగున మిగిలిన గుప్పెడు గింజలు కోళ్లకు వెయ్యండి. కొందరు చాదస్తులు విత్తే ముందే నూరు గింజలు లెక్కపెట్టి, తడి గోనెపట్టాలో చుట్టి, ఏడో రోజున విప్పి ఎన్ని మొలిచాయో చూస్తారు. ధ్రువీకరించిన హైబ్రిడ్ మొక్కజొన్నకు నూటికి 90 మొలవాలన్నది ప్రమాణం. యాభై కూడా మొలవకపోతే ఆ విత్తనం భూమిలో పడకముందే కొట్టుకు తిరిగి వెళ్లిపోతుంది. అప్పుడిక కేసూ లేదు, ఓటమీ లేదు. మన పని మొదట్లోనే చెడుతుంది.

సరే, విత్తారు. ఎకరానికి నాలుగు కిలోల ప్యాకెట్లు రెండు, మొత్తం 2,400 రూపాయలు అనుకుందాం. పది రోజులైంది, చేను పలచగా ఉంది. ఇప్పుడు మీరు చెయ్యాల్సింది ఒక్కటే. అరక కట్టి మొత్తం దున్నేసి, ఇంకో పంట వెయ్యండి. సాక్ష్యం ఉన్నది ఆ చేలోనే, కాగితాల్లో అంతగా లేదు. పది మీటర్ల సాలులో, గింజకూ గింజకూ 20 సెంటీమీటర్లు వేసి ఉంటే, 50 మొక్కలు ఉండాలి. 22 ఉన్నాయనుకోండి. ఆ లెక్క ఐదారు చోట్ల తీసి, పక్కన నిలబడ్డ ఇద్దరి చేత సంతకం పెట్టించి, ఫోటో తీస్తే కంపెనీ వకీలుకు చెమట్లు పడతాయి. పాపం, అతన్నెందుకు ఇబ్బంది పెట్టడం?

మొక్క లేని చోట మట్టి తవ్వి చూడడం కూడా మానండి. గింజ మొలకెత్తకుండానే మెత్తబడి కుళ్లి కనిపిస్తే అనుమానం విత్తనం మీదికి పోతుంది. మొలక వచ్చి ఎండిపోతే వాన లేకనో, లోతుగా పడడం వల్లనో కావచ్చు. గింజే లేకపోతే పందికొక్కో, పక్షో. గట్టు అవతలి రైతు అదే రోజున వేరే లాట్ విత్తి, అతనిది నిండుగా మొలిచిందంటే, వాన లేదన్న సాకు కూలిపోతుంది. ఇవన్నీ గమనిస్తే మీకే నిజం తెలిసిపోతుంది. ఒక్కోసారి ఆ నిజం కంపెనీ వైపే ఉంటుంది సుమా. అప్పుడు కేసు వెయ్యకపోవడమే తెలివి. మనకు కావలసింది తెలివి కాదు గదా, ఓటమి.

మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా చెప్పకండి, దారిలో కనబడ్డప్పుడు నోటితో చెప్పండి. ఆయన పొలానికి వస్తే కాఫీ ఇచ్చి, ‘పంట దెబ్బతిన్నది’ అని ఒక్క ముక్క రాయించుకుని పంపెయ్యండి. ఎందువల్ల దెబ్బతిన్నదో, ఎన్ని మొక్కలు లెక్కపెట్టారో, ఏ లాట్ విత్తనమో లేని నివేదిక ఉంటే మన ఓటమి సగం ఖాయమైనట్టే.

కొట్టువాడు ‘నేను అమ్మేవాణ్ణే, తయారుచేసింది కంపెనీ’ అంటాడు. కంపెనీవాడు ‘ల్యాబు రిపోర్టు ఏది?’ అంటాడు. ఇద్దరి మాటా విని ఇంటికెళ్లిపోండి. ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చవచ్చని ఎవరైనా అంటే చెవులు మూసుకోండి.

ఈ ల్యాబు మాట దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఎందుకంటే ఇక్కడే మన పథకానికి పెద్ద గండి పడింది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ జిల్లా ఫోరాల్లో రైతులు గెలిచారు. సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, ఇవి విత్తన చట్టం కింద తేలాల్సిన సంగతులనీ, వినియోగదారుల ఫోరానికి పని లేదనీ వాదించింది. రైతులు విత్తనాలు పరీక్షకు పంపలేదనీ అంది. 2012 జనవరిలో కోర్టు ఆ వాదనలన్నీ తోసిపుచ్చింది. విత్తనం చెడిపోతుందని ముందే ఊహించి ప్రతి రైతూ కొంత పక్కన పెట్టుకుంటాడని అనుకోలేమంది. అదే లాట్ నమూనాలు కంపెనీ దగ్గరే ఉంటాయి గనుక, కావాలంటే తనే పరీక్షకు పంపమని అడగవచ్చంది. రైతు వినియోగదారుడేనని తేల్చింది. ఈ తీర్పు సంగతి ఎవరైనా ఎత్తితే మాట మార్చండి, వలిసె పూల గురించి మాట్లాడండి.

ఇంకా మొండికేసి కేసు వేస్తానంటారా? అయితే పరిహారంగా విత్తనం ధర 2,400 మాత్రమే అడగండి. ఇరవై క్వింటాళ్లు రావలసిన చోట ఎనిమిది వస్తే, క్వింటాలు 2,000 చొప్పున 24,000 నష్టమని లెక్క వెయ్యకండి. దుక్కికీ ఎరువుకీ పెట్టిన ఖర్చూ, మనోవేదనా, కేసు ఖర్చులూ అడగవచ్చని తెలిసినా మరిచిపోండి.

కంపెనీ హైదరాబాదులో ఉంటే కేసు హైదరాబాదులోనే వెయ్యాలనుకోండి. 2019 చట్టం వచ్చాక మీరుండే జిల్లా కమిషన్‌లోనే వెయ్యవచ్చు. కొన్న ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, వీడియోలో హాజరవుతామని కూడా అడగవచ్చు. ఇంత సులువుగా ఉంటే ఓడడం కష్టం. అందుకే ఆఖరి అస్త్రం కాలం. వచ్చే ఖరీఫ్ చూద్దాం, పై ఖరీఫ్ చూద్దాం అంటూ జరపండి. నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్లు దాటితే, ఆలస్యానికి తగిన కారణం చూపనిదే అర్జీ తీసుకోరు.

1915 అన్న నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌ది. ఈ సలహాలన్నీ అక్షరాలా పాటించాలనుకునేవారు దానికి ఫోను చెయ్యకూడదు.