మా ఊరి కరెంటును ఆడిపోసుకోకండి

ఆన్‌లైన్‌లో మైకులమ్మే దుకాణదారు గారికి,

పొదిలి నుంచి రాస్తున్నాను. మీ దగ్గర కొన్న ‘స్టూడియో కండెన్సర్ మైకు’ తగిలించింది మొదలు తీసేదాకా, కాగిన నూనెలో ఎండుమిరపకాయలు వేసినట్టు సుయ్యిమంటూనే ఉంటుంది. ఆ మాట రాస్తే, మీ ఏరియాలో కరెంటు సరిగా ఉండదు, ఎర్తింగ్ చూపించుకోండి అని జవాబిచ్చి ఫిర్యాదు మూసేశారు. మా కరెంటు మీద మాకు సవాలక్ష కోపాలున్నాయి. అయినా చెయ్యని తప్పు దాని నెత్తిన రుద్దితే ఊరుకోబుద్ధి కాలేదు.

కరెంటు వల్ల వచ్చే మోత వేరండీ. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఎర్తింగ్ దెబ్బతింటే వినిపించేది ఆ 50, దాని రెట్టింపు 100 దగ్గర పలికే బొంగురు ‘గుయ్య్’. చార్జర్ పీకేసి లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపితే అది చాలావరకు పోతుంది. నేను చార్జర్ పీకాను. పక్కనున్న ఫ్యాను, ట్యూబులైటు ఆపాను. కేబులు మార్చాను, ఇంకో లాప్‌టాప్‌కు పెట్టి చూశాను. గోడ కరెంటుతో సంబంధమే లేనప్పుడు కూడా మీ మైకు సుయ్యిమనడం మానలేదు.

ఆ మాత్రం చప్పుడుకు ఇంత రాద్ధాంతమా అంటారేమో. నేను రోజూ సాయంత్రం రైతులకు వాట్సాప్‌లో పంపడానికి మాటలు రికార్డు చేస్తాను. మిర్చిలో తామర పురుగు, పత్తిలో గులాబీ పురుగు, మందు ఎంత కలపాలి, ఇవే సంగతులు. స, శ, చ లాంటి అక్షరాల్లో ఉండేది చాలావరకు సన్నటి గాలి చప్పుడే. మీ మైకు సుయ్యి కూడా సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. ‘ఐదు శాతం వేప గింజల కషాయం’ అని నేనంటే, చేను గట్టు మీద చిన్న ఫోన్లో వినే మనిషికి ఆ ‘శాతం’ అందదు. ‘ఐదు ఏంటన్నా?’ అని తిరిగి ఫోను చేస్తాడు. చేసినవాళ్లతో ఇబ్బంది లేదు. చెయ్యకుండా తోచినంత కలుపుకునేవాళ్ల గురించే నా దిగులు.

ఇక అసలు సంగతి. మైకు అడుగున మూడు పిన్నులున్నాయి. ఇలాంటి కండెన్సర్ మైకుకు అదే కేబుల్లో 48 వోల్టులు అందాలి, ఫాంటమ్ పవర్ అంటారు. మీరు పెట్టెలో పెట్టిన కేబులుకు ఒక కొస మూడు పిన్నులు, రెండో కొస ఫోను జాక్. లాప్‌టాప్ జాక్ ఇచ్చేది రెండు మూడు వోల్టులు. మైకు పలుకుతుంది కానీ నీరసంగా పలుకుతుంది. ఆ నీరసాన్ని కప్పిపుచ్చడానికి లాప్‌టాప్ గొంతును ఎన్నో రెట్లు పెంచుతుంది, దాంతోపాటు తన లోపలి సుయ్యినీ పెంచుతుంది.

ఇది ఊహ కాదు. పెళ్లిళ్లకు సౌండు సిస్టమ్ పెట్టే మా స్నేహితుడి మిక్సర్‌కు, అటూ ఇటూ మూడు పిన్నులున్న కేబులుతో ఇదే మైకు పెట్టాం. 48 వోల్టుల మీట నొక్కి, నా గొంతు ఒకే ఎత్తులో ఉండేట్టు సరిచేసి, ఎవరూ మాట్లాడకుండా కాసేపు రికార్డు చేశాం. ఆడాసిటీలో చూస్తే లాప్‌టాప్ జాక్‌లో ఆ నిశ్శబ్దం మైనస్ 40 డెసిబెల్స్ దగ్గర ఉంది, మిక్సర్‌లో మైనస్ 60కి దిగింది. ఆ 20 తేడా అంటే సుయ్యి పదో వంతుకు తగ్గినట్టు.

అంటే మైకు మంచిదే. దాన్ని మీరు అమ్మిన పద్ధతే చెడ్డది. మీ పేజీలో ‘లాప్‌టాప్‌కు నేరుగా గుచ్చండి, స్టూడియో నాణ్యత’ అని రాశారు. 48 వోల్టుల ఊసు ఎక్కడా లేదు. అది కావాలంటే మిక్సరో ఆడియో ఇంటర్‌ఫేసో విడిగా కొనాలి, అందులో చవకవి కూడా మీ మైకు కంటే ఖరీదే. ఆ ఒక్క ముక్క రాసి ఉంటే నేను మామూలు యూఎస్‌బీ మైకు కొనుక్కునేవాణ్ణి.

‘ప్యాకింగ్ తెరిచాక వాపసు లేదు’ అన్నది మీ రెండో జవాబు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన గుణం సరుకులో లేకపోతే వెనక్కి తీసుకోనని అమ్మినవాడు అనడానికి లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. (ఇక్కడా 48 అంకె మీకు కలిసిరాలేదు.) తేల్చకపోతే 1915కు ఫోను చేస్తాను. ఆ తర్వాత వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక కొన్నవాడు తానుండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. రావలసింది మీరే.

పేజీలో ఆ 48 వోల్టుల సంగతి చేర్చండి, నా డబ్బు పంపండి. మైకు, కేబులు, స్టాండు, నురగ తొడుగు అన్నీ పెట్టెలో సర్దే ఉన్నాయి. కొరియర్ అబ్బాయిని సాయంత్రం ఆరు దాటాక రమ్మనండి, పగలు నేను చేల మీద ఉంటాను.

ఇట్లు,
పొదిలి నుంచి మీ కొనుగోలుదారు