మనలో మనకేంట్రా!

సంక్రాంతి దగ్గర పడుతోందంటే మా విస్సన్నపేటలో ముగ్గులకంటే ముందు ఫ్లెక్సీలు లేస్తాయి. ‘పదో తరగతి పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం’ అని పెద్దక్షరాలు, వాటి కింద తపాలా బిళ్లలంత ఫొటోలు. మా బ్యాచ్ చదువుకున్నది కృష్ణా జిల్లాలో. 2022లో జిల్లాలు విడగొట్టాక సమ్మేళనం చేసుకుంటున్నది ఎన్టీఆర్ జిల్లాలో. ఊరు కదలకుండానే జిల్లా మారిపోయింది గానీ, మైకు పట్టుకునేవాడు మాత్రం మారలేదు. ఎనిమిదో తరగతిలో వెనక బెంచీ నుంచి క్లాసందరికీ పేర్లు పెట్టిన మహానుభావుడే ఇప్పుడూ యాంకరు. ఆయన్ని ఎవరు నియమించారని అడక్కండి. మైకు టెస్టింగ్ అన్నది ఆయనే, ఆ తర్వాత ఎవరికీ ఇవ్వనిదీ ఆయనే.

కార్యక్రమం మీకు తెలిసిందే. జ్యోతి వెలిగించడం, మాస్టార్లకు శాలువాలు, మెమెంటోలు, పోయినవాళ్ల కోసం రెండు నిమిషాల మౌనం. ఆ మౌనం ముగిసీ ముగియగానే ‘తీపి గుర్తులు’ అనే అంశం మొదలవుతుంది. ఆ పేరెవరు పెట్టారో గానీ, అందులో తీపంతా చెప్పేవాడికి, చేదంతా చెప్పించుకునేవాడికి.

మొన్నటి సమ్మేళనంలో యాంకరుగారు ముందు వరసలో కూర్చున్న ఒకడిని లేపి నిలబెట్టాడు. “వీడు గుర్తున్నాడా? నిక్కరు వెనకాల రెండు పోస్టుబాక్సులు! నేను రోజూ ఉత్తరాలు వేసేవాణ్ని!” అన్నాడు. హాలు ఘొల్లుమంది. ఆ నిక్కరు ఎందుకు చిరిగి ఉండేదో హాల్లో సగంమందికి తెలుసు. ఆ ఇంట్లో అన్న వదిలేసిన నిక్కరే తమ్ముడికి పండగ బట్ట. నవ్విన వాళ్లలో వాడూ ఉన్నాడు, నిజానికి అందరికంటే గట్టిగా వాడే నవ్వాడు. పక్కన ఇంటర్ చదువుతున్న కూతురు మాత్రం నవ్వలేదు. చేతిలోని మంచినీళ్ల సీసా మూత తిప్పుతూ, విప్పుతూ, మళ్లీ తిప్పుతూ కూర్చుంది. భోజనాలకు పిలిచేసరికి తండ్రీకూతుళ్లు లేరు. ఏదో పనుందట. సాయంత్రం వాడు వాట్సాప్ గ్రూపులోంచి కూడా వెళ్లిపోయాడు. దానిమీద గ్రూపులో జరిగిన చర్చ సారాంశం ఇది: “స్పోర్టివ్‌గా తీసుకోవాలిరా. మనలో మనకేంట్రా!”

ఈ ‘మనలో మనకేంట్రా’ అనే సిద్ధాంతాన్ని కాస్త తరచి చూడాలి. దీని ప్రకారం పదిహేనేళ్ల వయసులో ఒకే గదిలో కూర్చున్నవాళ్లకు ఒకరి పరువు మీద ఒకరికి శాశ్వత హక్కు ఏర్పడుతుంది. ముప్ఫై ఏళ్లు ఒకరి మొహం ఒకరు చూడకపోయినా ఆ హక్కుకు కాలదోషం పట్టదు. తమాషా ఏమిటంటే ఈ హక్కు ఎప్పుడూ ఒకవైపే నడుస్తుంది. అప్పుడు ఎవరు ఎవరిని ఏడిపించేవారో ఇప్పుడూ వారే వారిని ఏడిపిస్తారు. కాకపోతే అప్పుడు ఉచితం, ఇప్పుడు ఏడవబోయేవాడి దగ్గర కూడా చందా తీసుకుంటారు. ఇక కులం పేరుతో పెట్టిన ముద్దుపేర్లను మైకులో తలుచుకునే జ్ఞాపకశక్తి ఉన్నవాళ్లకు చిన్న మనవి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ‘మనలో మనకేంట్రా’ అనే సెక్షను ఏదీ లేదు.

“అయితే ఇక మూతులు ముడుచుకుని కూర్చోవాలా? అమెరికావాళ్లు పిలిచి మరీ తిట్టించుకోవడం లేదా?” అని మా యాంకరు వాదన. ఆయన యూట్యూబ్‌లో రోస్టులు చూస్తాడు. న్యూయార్కులోని ఫ్రయర్స్ క్లబ్బు 1949లోనే దీన్నొక వేడుకగా మొదలుపెట్టిన మాట నిజమే. కానీ అక్కడ ఏడిపించేది ఆ రాత్రి సన్మానం ఎవరికో వారిని. ముఖ్య అతిథి కుర్చీలో కూర్చోబెట్టి, అన్నీ అయ్యాక చివర్లో మైకు వారికే ఇస్తారు. 2014 డిసెంబరులో ముంబైలో ఏఐబీ వాళ్లు రణ్‌వీర్ సింగ్‌నీ, అర్జున్ కపూర్‌నీ వేయించినప్పుడు కూడా ఆ ఇద్దరూ ఒప్పుకునే వేదికెక్కారు. వీడియో నెట్‌లోకి వెళ్లాక బయటివాళ్లు కేసులు పెట్టారు, వీడియో తీసేయాల్సి వచ్చింది. అది వేరే గొడవ. మా నిక్కరువాడు ఏ సన్మానానికి ఒప్పుకున్నాడు? వాడికి శాలువా అయినా కప్పలేదు.

అసలు అంత దూరం పోవడం ఎందుకు? అష్టావధానం మనది కాదా? తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి పాఠాలు చెప్పింది మన పాత జిల్లా బందరులోనే. ఎనిమిదిమంది పృచ్ఛకుల్లో ఒకరి పనే అప్రస్తుత ప్రసంగం. అవధాని ఒకపక్క నిషిద్ధాక్షరి, మరోపక్క దత్తపది మోస్తూ తల పట్టుకున్న వేళ అడ్డదిడ్డం ప్రశ్న వేసి ధ్యాస చెదరగొట్టాలి. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో అవధానికి ముందే తెలుసు. వెక్కిరింపు తగిలేది ఆయన విద్యకే, పుట్టుకకో పేదరికానికో కాదు. అన్నిటికంటే ముఖ్యం, అప్రస్తుత ప్రసంగి ఎంత గొప్పవాడన్నది తన ప్రశ్నను బట్టి తేలదు, దానికి అవధాని చెప్పే జవాబును బట్టి తేలుతుంది. చప్పట్లు పడేది జవాబుకు. మా యాంకరు ప్రశ్నలకు జవాబే లేదు. నిక్కరు చిరిగిందన్న మాటకు ఎవడైనా ఏం జవాబు చెబుతాడు?

అదే సమ్మేళనంలో, అదే మైకులో, ఇంకో కథా నడిచింది. ఆ రెండోది చెప్పింది మా క్లాసు అమ్మాయి, ఇప్పుడు టీచరు. యాంకరు మాస్టారితో సెల్ఫీ దిగుతున్న సమయం చూసి మైకు తీసుకుంది. ఆమె ఎంచుకున్నది మా బ్యాచ్‌లో బాగా పైకొచ్చినవాడిని. ఇప్పుడు వాడు మామిడి తోటలు గుత్తకు తీసుకుని కాయ ఎగుమతి చేస్తాడు. పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టించే పని వదిలేసి వచ్చాడు పాపం.

“ఒంటిపూట బడులు. బడి వదిలాక ఈ పెద్దమనిషి ఎవరిదో తోటలో కంచె దూకి, కాయ తెంపి, తొడిమను పళ్లతో కొరికాడు. మామిడికాయ తొడిమ దగ్గర సొన చిమ్ముతుందని, తగిలితే కాలుతుందని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఎగుమతిదారుగారికి తెలియదు. తెల్లారేసరికి మూతి చివర నల్లటి మచ్చ. తోట కాపలాదారు బళ్లోకొచ్చాడు. మాస్టారు మగపిల్లలందరినీ వరసలో నిలబెట్టి ‘దొంగ ఎవర్రా’ అన్నారు. కాపలాదారు ఎవరి జేబులూ వెతకలేదు. మూతులు చూసుకుంటూ వచ్చి వీడి ముందు ఆగాడు. వీడు తొణక్కుండా, ‘మా అమ్మ దోసె వేడిగా పెట్టిందండీ’ అన్నాడు. కాపలాదారు కాస్త ఆలోచించి, ‘బాబూ, ఆ దోసెకు తొడిమ కూడా ఉందా?’ అన్నాడు!”

హాలు పగలబడి నవ్వింది. కథానాయకుడి కళ్లమ్మట నీళ్లు కారాయి, నవ్వుతోనే. వెనకనుంచి ఒకడు “తర్వాత ఇంటికెళ్లాక ఏమైందో చెప్పు! అది చెప్పు!” అని అరిచాడు. ఆమె వాడికేసి చూసి, “ఆ పేజీని చెదలు తినేశాయి” అని ముందుకెళ్లిపోయింది. భోజనాల దగ్గర తెలిసింది, ముందు రోజు రాత్రే ఆమె వాడికి ఫోన్ చేసిందట. “రేపు నీ మామిడికాయ కథ చెబుతున్నా, ఏం తీసెయ్యాలి?” అని అడిగిందట. వాడు ఒక్కటే తీసెయ్యమన్నాడట. అదేమిటో ఆమె మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. “వద్దంటే ఇంకో కథ వెతుక్కునేదాన్ని, మీ అందరి కథలూ నా దగ్గరున్నాయి” అంది, కాస్త బెదిరింపుగానే.

ఈ కథకూ ఆ నిక్కరుకూ తేడా నవ్వుల మోతలో లేదు, రెండింటికీ హాలు ఒకేలా నవ్వింది. దొంగతనం వాడు చేసిన పని. తెలివితక్కువ అబద్ధమూ వాడు ఆడిందే. ఆ రెండింటినీ వాడు ఎప్పుడో దాటిపోయాడు. ఇప్పుడు తన తోటలో కూలీలకు తొడిమ కాస్త ఉంచి కొయ్యాలని, కాయను బోర్లించి సొన దిగాకే పెట్టెలో పెట్టాలని చెప్పేది వాడే. కాబట్టి కథలో వాడు ఎంత వెర్రివాడైతే ఈనాటి వాడికి అంత గౌరవం. చిరిగిన నిక్కరు తొడుక్కున్నవాడు చేసిన పని కాదు, దాన్ని దాటి వచ్చానని చెప్పుకోవాలన్నా ముందు అమ్మానాన్నల లేమిని నలుగురిలో పరవాలి. నత్తి, నలుపు, పొట్టితనం, తండ్రి తాగుడు, తప్పిన లెక్కల పరీక్ష కూడా ఆ జాబితాలోవే. ఫలానా అమ్మాయికి రాసిన ఉత్తరం సంగతైతే మరీను. రాసినవాడు నవ్వుతాడు. ఆ అమ్మాయి భర్త పక్కన కూర్చుని ఉంటుంది, ఆమెను ఎవరు అడిగారు?

ఇంకో సంగతి. కథ ముగియగానే ఆమె మైకును వాడి చేతిలో పెట్టి తప్పుకుంది. వాడు గొంతు సవరించుకుని, “కాయలు నేను తెచ్చిన మాట నిజమే. మరి ఉప్పూకారం పొట్లం ఎవరు తెచ్చారు? ఏ కాగితంలో కట్టుకొచ్చారు? మన టీచరుగారి సోషల్ ఆన్సర్ పేపర్లో! మార్కులు నేను చూశాను, చెప్పను. నాకూ చెదలున్నాయి” అన్నాడు. ఆ రోజు అన్నిటికంటే పెద్ద చప్పట్లు దానికే.

ఇంతలో ఎవరో ఫోన్ ఎత్తి వీడియో తీస్తుంటే టీచరుగారే దించమన్నారు. హాల్లో ఉన్నవాళ్లకు ఆ బడి తెలుసు, ఆ కాపలాదారు తెలుసు, వీడూ తెలుసు. స్టేటస్‌లో చూసే నూజివీడు వ్యాపారికి ‘దొంగ’ అన్న ఒక్కమాటే వినిపిస్తుంది.

వచ్చే ఏడాది కోసం కమిటీ ఇప్పుడే కూర్చుంది. బిర్యానీ చికెనా మటనా అన్నది రెండు గంటలు నడిచింది. చివర్లో నేను లేచి, ఎవరు మైకు పట్టినా సరే, ముందుగా వాళ్ల కథ ఇంకొకరు చెప్పాలని ప్రతిపాదించాను. యాంకరుగారు పెద్దమనసుతో ఒప్పుకున్నారు. “చెప్పండ్రా, నాకేం భయం? నా గురించి చెప్పడానికి ఏముంది, నేనప్పుడు చాలా డీసెంటు” అన్నారు. గదిలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా మైకు కోసం చెయ్యి చాపారు.