బిల్లు ఫొటో నుంచి పద్దులు: వినకూడని మూడు సలహాలు

కొనుగోలు బిల్లును ఫోన్‌లో ఫొటో తీసి, అందులోని సరుకులను వరుసలుగా ఎక్కించే పనిలో కొత్తగా కూర్చున్నవారికి పక్కవాళ్లు మూడు సలహాలు ఇస్తారు. మూడూ తప్పుదారి పట్టించేవే. ఒక ఎలక్ట్రికల్ షాపు బిల్లు తీసుకుని చూద్దాం. అందులోని పద్దులు ఇలా రావాలి:

```
item,hsn,qty,unit,rate,disc_pct,taxable,gst_pct
Wire 1.5 sqmm,8544,12,COIL,1450.00,10,15660.00,18
Switch 6A,8536,240,NOS,38.50,20,7392.00,18
```

1. "అచ్చులో ఎన్ని లైన్లుంటే అన్ని వరుసలు కొట్టెయ్."
చాలా బిల్లుల్లో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ మొత్తాలు కూడా సరుకుల కిందే, అదే గడిలో అచ్చవుతాయి. ఇక్కడ అవి చెరో రూ. 2,074.68. వాటిని సరుకులుగా ఎక్కిస్తే పన్ను మీద మళ్లీ పన్ను పడుతుంది. సరుకు పేరు రెండో లైనులోకి జారితే అది ఇంకో సరుకు కాదు. ఈ బిల్లులో పరిమాణం లేని లైను వరుస కాదు.

2. "రేటు మసగ్గా ఉంటే మొత్తాన్ని పరిమాణంతో భాగించు."
15,660ని 12తో భాగిస్తే 1,305 వస్తుంది. అది 10 శాతం డిస్కౌంటు పోయాక మిగిలిన ధర, బిల్లులో వేసిన రేటు కాదు. పక్కన డిస్కౌంటు అలాగే ఉంటే మొత్తం 14,094కు పడిపోతుంది. పైగా లెక్కగట్టి నింపిన అంకెతో అదే లెక్కను సరిచూడలేం. కంటికి ఏది కనిపిస్తే అది రాసి, తర్వాత పరీక్షించండి. 1,480 అని చదివారనుకోండి, మొత్తం 15,984 అవుతుంది. బిల్లు కన్నా 324 ఎక్కువ. కాయిల్‌కు 27 తేడా, డిస్కౌంటుకు ముందు చూస్తే 30. అంటే 5ను 8గా చదివారన్నమాట. మళ్లీ ఫొటో తీసి అక్కడే చూడండి.

3. "చివరి మొత్తం నుంచి వెనక్కి లెక్కగట్టు, పన్ను అదే వస్తుంది."
ఈ బిల్లు చివర రూ. 27,201 ఉంది. 1.18తో భాగిస్తే 23,051.69 వస్తుంది. పన్ను వేయాల్సిన అసలు విలువ 23,052. ఎందుకంటే 36 పైసలు రౌండాఫ్‌లో పోయాయి. అదే బిల్లులో 5 శాతం సరుకు ఒక్కటి కలిసినా ఈ భాగహారం పూర్తిగా పనికిరాదు. వరుసల విలువలు కూడండి, రేటువారీగా పన్ను కట్టండి, రౌండాఫ్‌ను విడిగా రాయండి. అప్పుడు 27,201 దానంతటదే రావాలి.

మొత్తం కలిసిందని ఫొటో మూసెయ్యకండి. హెచ్‌ఎస్‌ఎన్ కోడు, సరుకు పేరు తప్పుపడితే ఏ కూడికా పట్టివ్వదు. ఆ రెండు గడులనూ బిల్లు పక్కన పెట్టుకుని కంటితో చదవాల్సిందే.