నాలుగు రంగుల టైంటేబుల్

మా మేనల్లుడు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. పబ్లిక్ పరీక్షలు రెండు వారాలున్నాయనగా వాళ్లింటికి వెళ్లాను. హాల్లో దేవుడి పటం ఉండాల్సిన చోట ఒక ఛార్టు వేలాడుతోంది. తెల్లవారుజాము నాలుగు నుంచి రాత్రి పదకొండు దాకా గళ్లే గళ్లు. మ్యాథ్స్‌కి ఎరుపు, ఫిజిక్స్‌కి నీలం, కెమిస్ట్రీకి ఆకుపచ్చ, భాషలకు నారింజ. భోజనానికి పన్నెండు నిమిషాలు. స్నానానికి కేటాయింపుల్లేవు. "రెండు రోజులు పట్టింది మామయ్యా" అన్నాడు గర్వంగా. ఆ రెండు రోజులకు ఛార్టులో గడి ఎక్కడుందో వెతికాను గానీ దొరకలేదు.

"సిలబస్ మూడు రివిజన్లు అయిపోయాయట అన్నయ్యా" అంది మా చెల్లెలు, కాఫీ ఇస్తూ.

మూడు రివిజన్లంటే ఏమిటో పుస్తకం తెరిస్తే అర్థమైంది. మొదటి రివిజన్‌లో ముఖ్యమైన వాక్యాలకు పసుపు హైలైటర్ పూశాడు. రెండో దాంట్లో మిగిలిపోయిన వాక్యాలకు ఆకుపచ్చ. మూడో దాంట్లో పసుపు మీద ఆకుపచ్చ. ఇక ముఖ్యం కానిది పేజీ నంబరొక్కటే. పుస్తకం మూసి, "ఏరా, బేయీ సిద్ధాంతం కాగితం మీద రాయి" అన్నాను. సీలింగ్ ఫ్యాను వైపు చూశాడు. "పేజీ కళ్ల ముందు కనిపిస్తోంది మామయ్యా, కుడివైపు కింద ఉంటుంది" అన్నాడు. పరీక్షలో జవాబు చిరునామాకు మార్కులిచ్చే విధానం ఇంకా రాలేదు.

వాడి తప్పేం లేదు. చదివిందే చదువుతుంటే ప్రతి వాక్యమూ తెలిసిన ముఖంలా పలకరిస్తుంది, దాన్నే మనం "వచ్చేసింది" అనుకుంటాం. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కాలేజీ పిల్లలకు చిన్న చిన్న వచన పాఠాలిచ్చారు. ఒకసారి చదివాక కొందరి చేత మళ్లీ చదివించారు. మిగతా వాళ్ల చేత పాఠం చూడకుండా, గుర్తున్నదంతా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే వరస తిరగబడింది: చూడకుండా రాసినవాళ్లు 56 శాతం గుర్తు తెచ్చుకుంటే, మళ్లీ చదివినవాళ్లు 42 దగ్గర ఆగారు. ఆ పాఠాలు లెక్కలు కావన్నది నిజమే. అయినా మావాడి జబ్బుకు పేరు దొరికింది. వాడు ఐదు నిమిషాల టాపర్. ఇంటర్ బోర్డు వాడి గదికే వచ్చి, పుస్తకం మూసిన మరుక్షణం పేపరు చేతికిస్తే స్టేట్ ఫస్టే.

"ఇంతకీ ప్రాబబిలిటీ సంగతేంటి?" అన్నాను.

"అది వీకు మామయ్యా, చాయిస్‌లో వదిలేస్తున్నా."

చాయిస్‌లో వదిలేయడం మన దగ్గర తరతరాలుగా వస్తున్న విద్య. లెక్కలు రానివాడు లెక్క వేసి మరీ లెక్కను వదిలేస్తాడు. మావాడు ఆ లెక్కా వేయలేదు గనక నేనే వేశాను. మ్యాథ్స్ 2ఏ పాత పేపర్లలో షార్ట్స్ ఏడు ఇస్తే ఐదు రాయాలి, ఒక్కోటి నాలుగు మార్కులు. ఆ ఏడులో రెండు ప్రాబబిలిటీవే. వాటిని వదిలాక మిగిలేవి సరిగ్గా ఐదు. అంటే ఆ సెక్షన్‌లో చాయిస్ అన్నది చచ్చిపోయింది. పాక్షిక భిన్నాల్లో ఒక గుర్తు తారుమారైనా, పర్ముటేషన్స్‌లో లెక్క అడ్డం తిరిగినా ఆదుకునే ప్రశ్న లేదు. లాంగ్స్‌లోనూ ఏడుకు ఐదు, ఒక్కోటి ఏడు మార్కులు. అక్కడొకటి ప్రాబబిలిటీది, దాని పక్కనే ర్యాండమ్ వేరియబుల్స్‌ది ఇంకొకటి. ప్రాబబిలిటీ పేరు వింటేనే జడుసుకునేవాడు రెండోదాన్నీ దాని చుట్టంగా భావించి వదిలేస్తాడు. నిజానికి అందులో తరచుగా అడిగేది, అన్ని సంభావ్యతల మొత్తం ఒకటి అని పెట్టి k కనుక్కుని, సగటు, విస్తృతి లెక్కగట్టడం. ఆ మాత్రం కూడిక, గుణకారం మావాడికి వచ్చు.

అప్పుడు పాత పేపర్లు తీయించాను. వాడి దగ్గర పదేళ్లవి ఉన్నాయి, వెనకాల జవాబులతో సహా. ప్రశ్న చదివి, జవాబు చూసి, "ఆఁ, ఇది తెలుసు" అని తలూపి టిక్కు పెట్టాడు. అన్నిటికీ టిక్కులే. జవాబుల పేజీలు చింపి నా జేబులో పెట్టుకుని, ప్రాబబిలిటీ ప్రశ్నలు మాత్రమే ఏరి ఎనిమిది రాయమన్నాను. వీకు ఎక్కడో అప్పుడు తేలింది. కూడిక సిద్ధాంతం వచ్చు. స్వతంత్ర ఘటనలు ఫర్వాలేదు. షరతు సంభావ్యత దగ్గర మాత్రం ప్రతిసారీ ఒకే గుంటలో పడుతున్నాడు.

మూడు పెట్టెలు, ఒక్కోదాంట్లో ఐదేసి బంతులు. ఎర్రవి మొదటి దాంట్లో మూడు, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో ఒకటి. ఏదో ఒక పెట్టె ఎంచి బంతి తీస్తే ఎర్రది వచ్చింది. అది మొదటి పెట్టెలోది అయ్యే సంభావ్యత ఎంత? మావాడు తడుముకోకుండా 3/5 అన్నాడు. అది మొదటి పెట్టె తెరిస్తే ఎర్రది వచ్చే అవకాశం. అడిగింది దానికి తలకిందులు. పెట్టెలు మూడింటికీ సమాన అవకాశం, బంతులూ సమానమే. కాబట్టి ఎర్రవన్నీ కలిపి చూడు, ఆరు. అందులో మొదటి పెట్టెవి మూడు. జవాబు 1/2. "ఇంతేనా?" అన్నాడు. ఇంతే, కానీ పెట్టెల్లో బంతుల సంఖ్య వేరువేరుగా ఉంటే ఇలా కలిపేయకూడదు. అప్పుడు సూత్రమే గతి. అందుకే ముందు "ఏది జరిగిపోయింది, ఏది అడిగాడు" అని రెండు ముక్కలు రాసుకున్నాకే లెక్క మొదలెట్టమన్నాను.

చాప్టరంతా వీకు కాదు, ఒక మెట్టు వీకు. ఆ మెట్టుకు ఆదివారమంతా కేటాయిస్తానని ఎరుపు స్కెచ్‌పెన్ను తీశాడు. లాక్కున్నాను. ఇవాళ నలభై నిమిషాలు, రేపు, నాలుగో రోజు, ఎనిమిదో రోజు, మళ్లీ పరీక్ష ముందు రోజు. ప్రతిసారీ పుస్తకం తెరవక ముందే తెల్లకాగితం మీద రెండు లెక్కలు. మధ్యలో కొంత మరిచిపోతాడు. ఆ మరపులోంచి లాక్కురావడమే పని. నాలుగో రోజు ఫోన్ చేసి "అంతా పోయింది మామయ్యా" అని ఏడుపు గొంతుతో అన్నాడు. రెండు లెక్కల్లో ఒకటి చేశాడట. ఎనిమిదో రోజు రెండూ చేశాడు గానీ ఫోన్ చేయలేదు.

పాత పేపర్లలో రెండు పక్కన దాచాను. వాటిని ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా, అసలు పరీక్షలాగే, లేవకుండా రాయించాను. మొదటిదాన్ని దిద్దితే 75కి 49. పోయిన మార్కుల పక్కన కారణం వాడి చేతే రాయించాను: తెలియక, తెలిసీ తప్పి, టైం చాలక. ఎక్కువ పోయింది మూడోదాంట్లో. రెండు మార్కుల ప్రశ్న ఒక్కటే పట్టుకుని పదకొండు నిమిషాలు కుస్తీ పట్టాడు. ఈ సంగతి ఏ హైలైటరూ చెప్పదు. పాత పేపరు గెస్ పేపర్ కాదని, అందులోది రేపు మళ్లీ వస్తుందనే హామీ లేదని మా చెల్లెలికి చెప్పబోతే, "మరి ఎందుకన్నయ్యా రాయించడం?" అంది.

మావాడికి 2ఏకీ 2బీకీ మధ్య దొరికింది ఒక్కరోజు. ఆ రోజున కొత్త చాప్టరు తెరవొద్దని, వెనకటి పేపర్లలో తప్పినవే మళ్లీ రాయమని చెప్పాను. ఛార్టు ప్రకారం ఆ ఒక్క రోజులో 2బీ మొత్తం "ఫుల్ రివిజన్" ఉంది, పన్నెండు నిమిషాల భోజనంతో సహా.

ఇప్పుడు ఛార్టు దిగింది. దాని స్థానంలో క్యాలెండరు వెనక పెన్సిల్‌తో గీసిన వంకర గీతలు, తేదీలు, కొట్టివేతలు. గోడ బోసిపోయిందని మా చెల్లెలి బాధ. ఛార్టును మాత్రం పారేయనివ్వలేదు. కింది ఫ్లాటావిడ వచ్చి అడిగి మరీ పట్టుకెళ్లింది. వాళ్లమ్మాయి వచ్చే ఏడాది సెకండియర్. ఐదో రంగు కూడా కలుపుతారట.