125 ఎక్కడిదమ్మా?

మా మేనకోడలు చిట్టి బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతోంది. ప్రాక్టికల్ పరీక్షలో బీపీ చూడడం దగ్గర తప్పిందని తెలిసి ఇంట్లో అందరం నోళ్ళు వెళ్ళబెట్టాం. సూది వెయ్యడంలో తప్పిందంటే అర్థముంది. బీపీలో తప్పడానికేముంది? పట్టీ చుట్టడం, బుడ్డి నొక్కడం, అంకె చెప్పడం. మా వీధి ఆర్‌ఎంపీ గారు ఒక చెవికి ఫోను, ఒక చెవికి స్టెతస్కోపు పెట్టుకుని కానిచ్చేస్తారు. ఏళ్ళ తరబడి నాకు ఆయన చెబుతున్న అంకె 140. "కొంచెముంది, ఉప్పు తగ్గించండి" అంటారు. నేను "అలాగే" అంటాను. ఇద్దరం తృప్తిగా విడిపోతాం.

ఇప్పటి నర్సింగ్ కాలేజీల్లో ఓస్కీ అని ఒక పరీక్ష ఉంటుందట. గంట కొట్టగానే ఒక బల్ల దగ్గర ఒక పని చేసి చూపించి, మళ్ళీ గంట కొట్టేసరికి ఇంకో బల్ల దగ్గరికి పరుగెత్తాలి. చిట్టి బీపీ బల్ల దగ్గరికి వచ్చేసరికి రోగి వేషంలో సీనియర్ అమ్మాయి కూర్చుని ఉంది. చిట్టి నమస్కారం పెట్టింది, పేరడిగింది, చేతులు కడుక్కుంది, పట్టీని మోచేతి మడతకు రెండు వేళ్ళు పైన చుట్టింది. అక్కడిదాకా మార్కులే మార్కులు. తరవాత 180 దాకా గాలి కొట్టి, మెల్లగా వదిలింది. సూది 160 దాటింది, 140 దాటింది, 100 దాటింది. చెవుల్లో ఏమీ లేదు. సూది వెళ్ళి సున్నా మీద కూర్చుంది.

"ఎంతమ్మా?" అన్నారు మేడమ్.

"125 బై 85 మేడమ్" అంది మా పిల్ల, చెక్కుచెదరకుండా.

ఇక్కడొక సంగతి చెప్పాలి. పరీక్షలో వాడేది మామూలు స్టెతస్కోపు కాదు. గుండెకి పెట్టే బిళ్ళ ఒకటే, చెవులకు పెట్టుకునే జతలు రెండు. ఒక జత పిల్లకి, ఒకటి పరీక్ష పెట్టేవాళ్ళకి. మేడమ్ ఆ రెండో జత తీసి మెళ్ళో వేసుకుని, "నాకు సీలింగ్ ఫ్యాన్ చప్పుడు తప్ప ఏం వినపడలేదు. నీకు 125 ఎలా వినపడిందమ్మా?" అన్నారట. చిట్టి నేల చూపులు చూసింది. "సరే, వినపడిందే అనుకుందాం. ఈ డయల్ మీద 125 ఎక్కడుందో వేలు పెట్టి చూపించు."

చూపించడానికి ఉంటేగా. ఆ డయల్ మీద గీతలు రెండేసి మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున ఉంటాయి. 124 ఉంది, 126 ఉంది. బేసి సంఖ్యలు చెప్పే హక్కు డిజిటల్ మిషన్లది. చేత్తో చూసినవాళ్ళు 125 అన్నారంటే, అది గీతల మీద చూసింది కాదు, బుర్రలో పుట్టింది. ఇంత తేలిగ్గా దొరికిపోయే అబద్ధం వైద్యశాస్త్రంలో ఇంకోటి ఉందో లేదో నాకు తెలీదు.

అసలు చప్పుడెందుకు రాలేదంటే, ఆ బిళ్ళకి రెండు ముఖాలు. వెడల్పుగా ఉండేది ఒకటి, చిన్న గంట ఆకారంలో ఉండేది ఇంకోటి. కాడ దగ్గర తిప్పితే ఒక ముఖం తెరుచుకుని రెండోది మూసుకుంటుంది. చిట్టి చేతిమీద ఆనించింది మూసిన ముఖం. పెట్టేముందు వేలితో ఒకసారి తడితే చెవిలో టకామని వినపడేది.

మేడమ్ ఇచ్చిన కాగితంలో మూడు మాటలున్నాయి. బిళ్ళ తట్టి చూడలేదు. గాలి కొడుతూ రోగిని కబుర్లలో పెట్టింది. మాట్లాడితే బీపీ పెరుగుతుంది. మూడోదాని కింద రెండు గీతలు: నాడి పట్టలేదు. మొదటి రెండూ చిట్టి ఒప్పుకుంది. మూడోదానికి మాత్రం మొహం ముడుచుకుంది. "చెవులతో వినేదానికి నాడి ఎందుకు మామయ్యా? ఊరికే మార్కులు కొయ్యడానికి."

సాధన కోసం నా చెయ్యి అద్దెకిచ్చాను. మొదటిరోజు తన పద్ధతిలోనే మొదలుపెట్టింది. సూది 150కి చేరేసరికి నేను "అబ్బా" అన్నాను, అది జాలిపడి ఆపేసింది. వదులుతుంటే 142 దగ్గర చప్పుడు మొదలైంది. ఆర్‌ఎంపీ గారి లెక్కకి రెండే తేడా! కాఫీ కలపమని కేకేశాను.

మర్నాడు కాగితంలో రాసినట్టు చేసింది. అయిదు నిమిషాలు నన్ను నోరు మూయించి కూర్చోబెట్టి, వీపుకి కుర్చీ, పాదాలకి నేల ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద పెట్టించింది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గాలి కొట్టసాగింది. నాడి ఎక్కడ ఆగుతుందో చూసి, గాలంతా తీసేసి, కాసేపాగి, ఆ అంకెకి ఇంకో 30 కలిపి అక్కడిదాకా కొట్టాలి. ఇదీ పద్ధతి. 150 దాటింది, నాడి ఆడుతూనే ఉంది. 160 దగ్గరా ఆడుతోంది. ఆగింది 170 దగ్గర. చిట్టి నా మొహంలోకి చూసింది. నేను మాట్లాడకూడదు కదా, కనుబొమలెగరేశాను.

ఈసారి 200 దాకా కొట్టి, సెకనుకి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున వదిలింది. 174 దగ్గర టప్‌మని చప్పుడు మొదలైంది. 158కి మాయమైంది. 142 దగ్గర మళ్ళీ వచ్చింది. చివరికి 92 దగ్గర ఆగింది. తన చెవులే పాడయ్యాయనుకుని కాలేజీకెళ్ళి మేడమ్‌ని అడిగింది. "చెవులు బాగానే ఉన్నాయి. దాన్ని ఆస్కల్టేటరీ గ్యాప్ అంటారు" అన్నారావిడ. వయసు మీదపడి, బీపీ ఎక్కువున్న కొందరిలో చప్పుడు మధ్యలో ఇలా కాసేపు మాయమవుతుందట. రక్తం మాత్రం పారుతూనే ఉంటుంది, అందుకే నాడికి దొరుకుతుంది. మొన్న 150 దగ్గర ఆపినప్పుడు చిట్టి మొదలుపెట్టింది ఆ మౌనం నడిమధ్య నుంచి. అసలు మొదటి చప్పుడు పైనే ఉండిపోయింది. ఆర్‌ఎంపీ గారు కూడా ఇన్నాళ్ళూ నన్ను అక్కడినుంచే విన్నారన్నమాట.

నాడి పట్టడం చెవులకంటే పాత పద్ధతి కూడాను. 1896లో ఇటలీ డాక్టరు రివా-రోచి చేతికి పట్టీ చుట్టినప్పుడు చూసింది నాడినే. ఆ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి వినాలని రష్యా సర్జన్ కొరోత్కోవ్ చెప్పింది 1905లో.

నేను డాక్టరుగారి దగ్గరికెళ్ళాను. ఆయన ఒక్కరోజు అంకె నమ్మకుండా వేరువేరు రోజుల్లో చూసి మాత్ర రాశారు. ఈ సంగతి ఆర్‌ఎంపీ గారికి చెబితే ఆయనేం కంగారుపడలేదు. "మీ అమ్మాయి గాలి ఎక్కువ కొట్టింది సార్. ఎక్కువ కొడితే ఎక్కువే వస్తుంది" అన్నారు.

రెండోసారి పరీక్షలో చిట్టి బిళ్ళ తట్టింది, నాడి పట్టింది, నోరు కట్టేసుకుంది. అంతా సవ్యంగా జరుగుతుంటే సరిగ్గా కింది అంకె వచ్చే వేళకి వరండాలో ఎవరో స్టీలు ట్రే కింద పడేశారు. చప్పుడు ఎక్కడ ఆగిందో తెలీలేదు. అవతల గంట కొట్టే టైమవుతోంది. 80 అనేస్తే సరి, సరిసంఖ్యే కదా, డయల్ మీద ఉంది కూడా. చిట్టి గుటక మింగి, "కింది అంకె వినపడలేదు మేడమ్. గాలంతా తీసేసి, ఒక నిమిషం ఆగి మళ్ళీ చూస్తాను" అంది. మేడమ్ ఏమీ అనకుండా వాచీ చూసుకున్నారట. ఆ నిమిషం ఎంత పొడుగో ఇప్పటికీ చెబుతుంది.

"116 బై 74 మేడమ్."

"నాకు 118 వినపడింది" అన్నారు మేడమ్. పిల్ల మొహం పాలిపోయింది. "రెండు తేడా పరవాలేదులే. వెళ్ళు, గంట కొట్టారు."

అప్పటినుంచి పెళ్ళికైనా, పేరంటానికైనా చిట్టి సంచిలో పట్టీ ఉండాల్సిందే. బంధువులందరి బీపీలూ సరిసంఖ్యల్లో ఒక నోటుబుక్కులోకి ఎక్కాయి. ఎక్కనిది వాళ్ళమ్మది, అంటే మా అక్కది ఒక్కటే. అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుంటే చూస్తానంటుంది చిట్టి. ఎందుకు మాట్లాడకూడదో మా అక్క ఇంకా అడుగుతూనే ఉంది.