బంతి భద్రం, ఆట బంద్

సూరత్ పర్వత్ పాటియాలో మన పిల్లలు చదివే ఒక బడిలో క్రీడా సంఘానికి నియమావళి రాశారు. బడి పేరు అనవసరం. ముసాయిదా చదివితే దేశానికి మరో రాజ్యాంగం వచ్చినంత సంబరమేసింది. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, సామగ్రి ఇన్‌చార్జి, క్రమశిక్షణ ఇన్‌చార్జి... పదవుల పంపకం అయ్యాక ఆడటానికి ఎవరైనా మిగిలారా అన్నదే సందేహం. ఆటస్థలం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. లేని దాని మీద నియమం ఎందుకనుకున్నారేమో.

ముందు కెప్టెన్ ఎన్నిక చూడండి. సంఘంలో నలభై మంది, అందరికీ అన్ని జట్ల మీదా ఓటు. వినడానికి ప్రజాస్వామ్యమే. కానీ ఆ నలభైలో ఇరవై రెండు మంది క్రికెట్ పిల్లలైతే, అమ్మాయిల ఖోఖో కెప్టెన్ ఎవరో తేల్చేది వాళ్లే. ఖోఖోలో టాస్ గెలిచిన కెప్టెన్ ముందు తరమాలా, పరుగెత్తాలా అన్నది అక్కడికక్కడే చెప్పాలి. జట్టులో ఎవరికి దమ్ముంది, ఎవరి మోకాలు నొస్తోంది అన్నది తెలిసిన పిల్లే ఆ మాట చెప్పగలదు. అలాంటి పిల్ల ఎవరో జట్టులో పిల్లలకు తెలుస్తుంది గానీ బ్యాటు పట్టినవాడికేం తెలుసు? పైగా ఓటింగు చేతులెత్తి, పి.టి. సారు ఎదుట! సారు కళ్లు ఎటు తిరిగితే చేతులూ అటే లేస్తాయి. ఏ జట్టు పిల్లలు ఆ జట్టు కెప్టెన్‌కే చీటీ మీద పేరు రాసి డబ్బాలో వేస్తే పోయేదేముంది? సారు గారి అభ్యర్థి ఓడిపోవచ్చు, అంతే.

ఇక హాజరు. నెలకు తొంభై శాతం తప్పనిసరి, తగ్గితే జట్టులోంచి అవుట్. వారానికి మూడు రోజుల సాధన అంటే నెలకు పన్నెండు. అందులో పదకొండు రావాలి, ఒక్కటే మానొచ్చు. రాసిన పెద్దమనిషికి బతుకమ్మ గుర్తు లేనట్టుంది. గుజరాత్ బడులకు పెద్ద సెలవులు దీపావళికి, మన పండుగేమో నవరాత్రుల్లో. సాంచెలు నడుపుకునే ఇంటివాళ్లు నవజీవన్ ఎక్కి వరంగల్ వైపు పోతే, పిల్ల కూడా పోవాల్సిందే. తొమ్మిది రోజుల్లో నాలుగు సాధనలు పోతాయి. పన్నెండింట ఎనిమిది, అంటే అరవై ఏడు శాతం. పిల్ల అవుట్!

అదే లెక్క నెలకు కాక జూన్ నుంచి దీపావళి దాకా టర్ముకు వేయండి. నాలుగు నెలలకు నలభై ఎనిమిది సాధనలనుకుంటే, నాలుగు పోయినా నలభై నాలుగు. తొంభై ఒకటి దాటింది. పిల్ల మారలేదు, సాధన మారలేదు, పండుగా మారలేదు. గీత గీసిన చోటు మారింది. ఏ రోజూ మానకుండా వచ్చి చెట్టుకింద కబుర్లాడే వాడికి మాత్రం ముసాయిదా ప్రకారం నూటికి నూరు. వాడికి బహుమతి కూడా ఉందట.

అసలు రుచి సామగ్రి నియమంలో ఉంది. ‘బంతి పోయినా, చెడినా, అరిగినా’ సొమ్ము కెప్టెన్ తల్లిదండ్రులు కట్టాలి. పోవడం సరే, అరగడం కూడా నేరమేనా! సిమెంటు నేల మీద వాలీబాల్ అరగక పెరుగుతుందా? సర్కారు బడులకు సమగ్ర శిక్ష కింద ఆట సామగ్రికి ఏటా డబ్బిస్తారు: ప్రాథమిక బడికి 5 వేలు, ప్రాథమికోన్నతానికి 10 వేలు. సామగ్రి అరుగుతుందని ఢిల్లీకి తెలుసు గనకే ఏటా ఇస్తోంది. పర్వత్ పాటియాకే తెలియలేదు.

ఈ నియమానికి కారణం అందరికీ తెలిసిందే. బంతి స్టాకు రిజిస్టరులోకి ఎక్కింది. ఆడిట్‌కు వచ్చినాయన అడిగితే చూపించాలి. గాలిపోయిన బంతిని కొట్టివేయడానికి సంతకాలు కావాలి, కొత్త బంతిని బీరువాలో పెట్టడానికి తాళం చాలు. ఈ నియమం పెట్టిన మర్నాటి నుంచే తెలివైన కెప్టెన్ ఏం చేస్తుంది? బంతి బయటికి తీయదు. సామగ్రి భద్రం, సంఘం భేష్.

బడి నిజంగా ఆడించదలిస్తే ఒక నోటుబుక్కు చాలు. తీసుకున్నప్పుడు ఎన్ని, ఎలా ఉన్నాయి, తిరిగిచ్చినప్పుడు ఎన్ని, ఎలా ఉన్నాయి అని రాసి, తీసుకున్న పిల్ల, సారు ఇద్దరూ సంతకం పెట్టాలి. బాధ్యత వారానికొకరికి మారాలి. అరిగినవి టర్ము చివర సారే కొట్టివేతకు పంపాలి. పోయినవాటి సంగతి అప్పుడు మాట్లాడుకోవచ్చు. పంపు సూది పోయిందని ఒక ఇంటి నుంచి జరిమానా రాబట్టడం కన్నా రెండు సూదులు ఎక్కువ కొనడం చవక.

ముసాయిదా ఇంకా ఖాయం కాలేదట, వచ్చే సమావేశానికి తల్లిదండ్రులను పిలుస్తున్నారు. వెళ్లండి. పదవుల గురించి తర్వాత అడగొచ్చు. ముందు, బీరువా తాళంచెవి సాయంత్రం సారు ఇంటికి పోతుందా, బడిలోనే ఉంటుందా అని అడిగి, ఆ జవాబును నియమావళిలో మొదటి వాక్యంగా రాయించండి.